యార్డులో అందరికీ చెమటే: కథలో కంగారును చూపించడం ఎలా?

కొత్తగా కథలు రాస్తున్నవారికి మొట్టమొదట అందే సలహా ‘చెప్పకండి, చూపించండి’ అన్నది. సలహా సరైనదే గాని, రచయిత తన పేరా ముందు కూర్చున్నప్పుడు ఏ వాక్యాన్ని పట్టుకుని ఏం చేయాలన్నది అందులో లేదు. అందుకే చాలామంది ‘కంగారు పడ్డాడు’ అన్న మాటను కొట్టేసి, దాని స్థానంలో ‘చెమటలు పట్టాయి’ అని రాసి, పని అయిపోయిందనుకుంటారు. ఆ మార్పు ఎందుకు చాలదో, అసలు మార్పు ఎక్కడ మొదలవుతుందో ఒకే ఒక పేరాను పట్టుకుని చూద్దాం. కథ జరిగే చోటు గుంటూరు మిర్చి యార్డు. కాలం మార్చి నెలాఖరు. పాత్ర పేరు శ్రీను. సత్తెనపల్లి వైపు ఒక కౌలు రైతు కొడుకు, ఇరవై రెండేళ్ళవాడు. తండ్రికి ఒంట్లో బాగాలేక సరుకుతో ఒక్కడే వచ్చాడు. మొదటి ప్రతిలో పేరా ఇలా ఉందనుకుందాం:

“శ్రీనుకు చాలా కంగారుగా ఉంది. యార్డుకు ఒంటరిగా రావడం అతనికి ఇదే మొదటిసారి. సరుకుకు ఏం ధర పలుకుతుందోనని అతనికి ఆందోళన మొదలైంది. ఖరీదుదారు గుమాస్తా దగ్గరికి వస్తుంటే గుండె వేగంగా కొట్టుకుంది. భయం భయంగా అతని వైపు చూశాడు. అతను ఏదో అడిగితే ఏం చెప్పాలో తెలియక తడబడ్డాడు.”

ఇందులో తెలుగు తప్పు లేదు. విషయం కూడా స్పష్టంగానే ఉంది. లోపం ఎక్కడుందో తెలియాలంటే వాక్యాల కర్తలను చూడాలి. ‘శ్రీనుకు కంగారుగా ఉంది’, ‘అతనికి ఆందోళన మొదలైంది’, ‘గుండె కొట్టుకుంది’. మొదటి రెండింట్లో శ్రీనుకు కు-విభక్తి పడింది. మూడోదానిలో అతనే లేడు. మన భాషలో మనసుకు సంబంధించిన విషయాలు చాలావరకు ఇలాగే వస్తాయి. మనిషికి భయం వేస్తుంది, మనిషికి దిగులు పుడుతుంది, మనిషికి ఏదోలా అనిపిస్తుంది. పని చేసేది భయమే. మనిషి దాన్ని పుచ్చుకునే చోటు మాత్రమే. మాట్లాడుకునేటప్పుడు ఇది ఎంతో సహజమైన నిర్మాణం. కథలో వరసగా నాలుగు వాక్యాలు ఇలాగే నడిస్తే మాత్రం పాత్ర ఒక చోట నిలబడిపోయి, దాని మీద భావాలు వచ్చి వాలుతున్నట్టు తయారవుతుంది. శ్రీను ఈ పేరా మొత్తంలో చేసిన పనులు రెండే: చూశాడు, తడబడ్డాడు. ఆ రెండింటిలో మొదటిదాని ముందు ‘భయం భయంగా’ అన్న క్రియావిశేషణం నిలబడి, చూపు ఎలాంటిదో పాఠకుడు ఊహించే అవసరం లేకుండా చేసింది. రెండోది పనికన్నా పని మీద రచయిత ఇచ్చిన తీర్పు. తడబాటు వినపడాలంటే శ్రీను నోటి నుంచి వచ్చిన మాట కావాలి. అది ఇక్కడ లేదు.

అయితే ఆరు వాక్యాలనూ ఒకే గాటన కట్టకూడదు. ‘యార్డుకు ఒంటరిగా రావడం ఇదే మొదటిసారి’ అన్న రెండో వాక్యం భావాన్ని చెప్పడం లేదు, ఒక సమాచారాన్ని చెబుతోంది. చూపించమన్న సలహా ప్రధానంగా భావాలకు వర్తిస్తుంది. సమాచారాన్ని సూటిగా, ఒక్క ముక్కలో చెప్పేయడం తప్పు కాదు సరికదా, ఆ తరువాత చూపించబోయేదానికి అదే ఆధారం అవుతుంది. ఈ తేడాను మరిచి, వయసునూ ఊరినీ కుటుంబ పరిస్థితినీ కూడా ‘చూపించాలని’ పాకులాడే కథలు పాఠకుడికి ప్రహేళికల్లా తయారవుతాయి.

ఇక చాలామంది చేసే మొదటి మార్పును చూద్దాం:

“శ్రీను నుదుటి మీద చెమట పట్టింది. నాలుక పిడచకట్టుకుపోయింది. గుమాస్తా దగ్గరికి వస్తుంటే గుండె దడదడలాడింది. కాళ్ళూ చేతులూ ఆడలేదు. వణుకుతున్న గొంతుతో ఏదో అన్నాడు.”

భావం పేరు ఎక్కడా లేదు కాబట్టి ఇది చూపించడమేనని అనిపించవచ్చు. నా ఉద్దేశంలో ఇది చెప్పడమే, వేషం మార్చుకున్నదంతే. ‘నాలుక పిడచకట్టుకుపోవడం’, ‘కాళ్ళూ చేతులూ ఆడకపోవడం’, ‘ముచ్చెమటలు పోయడం’, ‘పైప్రాణాలు పైనే పోవడం’ వంటివి తెలుగువాళ్ళ నోళ్ళలో తరతరాలుగా నలిగి, ఇప్పుడు ‘భయపడ్డాడు’ అన్న మాటకు మారుపేర్లుగా మిగిలాయి. ‘కాళ్ళూ చేతులూ ఆడలేదు’ అని చదివిన పాఠకుడికి ఏ కాలూ ఏ చేయీ కళ్ళ ముందు కదలదు. అతను దాన్ని నేరుగా ‘కంగారు’ అనే అర్థంలోకి మార్చుకుని ముందుకు సాగిపోతాడు. సంభాషణలో ఈ నుడికారాలకు ఎంత బలముందో, కథనంలో పాత్ర భావాన్ని కట్టే పనికి అవి అంత బలహీనమైనవి.

రెండో ఇబ్బంది ఈ స్థలానిది. మార్చి నెలాఖరులో గుంటూరు యార్డులో పట్టపగలు నిలబడ్డ ఎవరికైనా చెమట పడుతుంది. మిరప ఘాటుకు కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, గొంతు ఎండుతుంది, మాట మధ్యలో దగ్గు అడ్డుపడుతుంది. బస్తాలు మోసే హమాలీకీ, లెక్క రాసే గుమాస్తాకూ, టీ తెచ్చే కుర్రాడికీ అందరికీ అంతే. అలాంటి చోట శ్రీను నుదుటి చెమట అతని గురించి ప్రత్యేకంగా ఏమీ చెప్పదు. పాత్రను ఏ స్థలంలో నిలబెట్టామో ఆ స్థలమే కొన్ని సంకేతాలను పనికిరాకుండా చేస్తుందని రచయిత గుర్తించాలి. విజయవాడ మే నెల ఎండలో, బస్టాండు ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ పాత్రకు కూడా ఇదే వర్తిస్తుంది. చలిగా ఉన్న ఏసీ గదిలో చెమట పడితే అది వార్త. బందరు రోడ్డు మీద పడితే అది వాతావరణం.

మన అలంకారశాస్త్రం ఈ శరీర లక్షణాలను బాగా ఎరుగును. భరతుడు నాట్యశాస్త్రంలో సాత్త్విక భావాలు ఎనిమిదని లెక్కపెట్టాడు: స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. పై పేరాలో చెమట, గొంతులో వణుకు, కాళ్ళూ చేతులూ ఆడకపోవడం అంటే స్వేదం, స్వరభేదం, స్తంభం అనుకోవచ్చు. రంగస్థలం మీద ఇవి పండుతాయి, ఎందుకంటే నటుడి శరీరం ప్రేక్షకుడి ఎదుట ఉంది. గొంతు మారితే ఆ మార్పు చెవికి తగులుతుంది. కాగితం మీద ‘గొంతు వణికింది’ అని రాస్తే ఏ గొంతూ వినపడదు, దాని గురించిన నివేదిక మాత్రమే అందుతుంది. పైగా నాటకంలో నటుడు వణికే సమయానికి ఆ వణుకుకు కారణమేమిటో, అంటే విభావమేమిటో, ప్రేక్షకుడికి ముందే తెలిసి ఉంటుంది. మన పేరాలో వణుకు ఉంది, కారణం లేదు.

ఆ లోటును పట్టుకోవడానికి ఒక పరీక్ష పెట్టవచ్చు. పేరాను ఉన్నపళంగా ఎత్తి మరో కథలో, మరో పాత్రకు తగిలించి చూడాలి. పై లక్షణాల పేరాను బ్రాడీపేటలో పెళ్ళిచూపులకు వెళ్ళిన కుర్రాడికి తగిలించినా సరిపోతుంది. విజయవాడలో ఉద్యోగం ఇంటర్వ్యూకు వచ్చినవాడికీ సరిపోతుంది, ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్నవాడికీ సరిపోతుంది. ‘గుమాస్తా’ అన్న ఒక్క మాట మారిస్తే చాలు. ఎవరికైనా సరిపోయేది శ్రీను కంగారు కాదు. కాబట్టి మార్చవలసింది వాక్యాలను కాదు. వాక్యాల దగ్గరికి వెళ్ళేముందు రచయిత శ్రీను గురించి తనకు ఇంకా తెలియనిదేదో తెలుసుకోవాలి.

తెలుసుకోవలసింది రెండే విషయాలు. మొదటిది, అతను కచ్చితంగా దేనికి జంకుతున్నాడు? మొదటి ప్రతి ‘ధర ఎంత పలుకుతుందోనని’ అంది. ఆ బెంగ ఆ రోజు యార్డుకొచ్చిన ప్రతి రైతుకూ ఉంటుంది. దాన్ని ఇంకా చిన్న విషయం దాకా, చేత్తో ముట్టుకోగలిగిన వస్తువు దాకా దించాలి. మిరపకాయలు మరీ ఎండిపోతే పెళుసుబారి, బస్తాల్లోకి తొక్కేటప్పుడు విరిగి గింజ రాలుతుంది. అందుకని నింపేముందు కాస్త నీళ్ళు చిలకరించి కాయను మెత్తబరచడం ఉంది. ఆ తడి ఎక్కువైతే కాయ రంగు చెడి బూజు పడుతుంది. కొనేవాడు కాయను పిడికిట్లో నొక్కి, అది గలగలమంటోందా మెత్తగా అణుగుతోందా అని చూసేది అందుకే. ఇప్పుడు శ్రీను భయాన్ని ఇక్కడికి తెద్దాం. ముందురోజు రాత్రి తండ్రి మంచం మీద ఉండగా నీళ్ళు చిలకరించింది శ్రీనే. చివరి మూడు టిక్కీల, అంటే మిర్చి బస్తాల, సరుకు మీద చెయ్యి ఎక్కువ పడింది. పురికొస కూడా అప్పటికే అయిపోవడంతో ఆ మూడింటినీ ఇంట్లో ఉన్న నీలం నైలాను దారంతో కుట్టాడు. దానితో సరుకులో చెడ్డవి ఏవో పక్కవాడికి తెలియకపోయినా శ్రీనుకు కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ‘ధర’ అనే పెద్ద మాట మూడు టిక్కీలుగా మారింది. ఇక అతని కళ్ళూ కాళ్ళూ చేతులూ వాటి చుట్టూనే తిరుగుతాయి.

రెండోది, తన కంగారును అతను ఎవరి నుంచి, ఎలా దాస్తున్నాడు? కథల్లో కంగారు తేలిపోవడానికి పెద్ద కారణం పాత్రలు దాన్ని దాచుకోకపోవడమే. నిజజీవితంలో జంకిన మనిషి తన శక్తినంతా జంకు కనపడకుండా ఉండటానికే ఖర్చు పెడతాడు. భరతుడు మనసులో వచ్చిపోయే ముప్పై మూడు వ్యభిచారి భావాలను లెక్కిస్తూ శంక, త్రాసం, ఆవేగం, చింత వంటివాటితోపాటు అవహిత్థ అనేదాన్ని కూడా చేర్చాడు. లోపలి భావాన్ని పైకి కనపడనీయకుండా కప్పిపుచ్చుకోవడం అవహిత్థ. కప్పిపుచ్చడం కూడా ఒక భావమేనన్న ఈ లెక్క కథారచయితకు ఎంతో అక్కరకొచ్చేది. చెమటను పాత్ర అదుపు చేయలేదు, కాబట్టి అందులో పాత్ర స్వభావం ఉండదు. దాచడం పాత్ర ఎంచుకుని చేసే పని. ఏది దాచాలనుకున్నాడు, ఏ వంకతో దాచాడు, ఎంత బాగా దాచాడు అన్నవాటిలో మనిషి బయటపడతాడు.

ఈ రెండు జవాబులూ చేతిలో ఉన్నాక ఆరు వాక్యాల దగ్గరికి తిరిగి వెళదాం.

‘శ్రీనుకు చాలా కంగారుగా ఉంది’ అన్న మొదటి వాక్యానికి బదులుగా అతను ఏదో ఒకటి చేయాలి. అది ఆ మూడు టిక్కీలతో చేసేదై ఉండాలి, దాచడానికి చేసేదై ఉండాలి. భుజం మీది తువ్వాలు తీసి వాటి మీద పరుస్తాడు. అంతటితో ఆపితే అది జాగ్రత్తపరుడి పని అవుతుంది. కప్పితే ఇంకా అనుమానం వస్తుందేమోనన్న ఆలోచన తట్టి, నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కొచ్చి తీసేస్తేనే అది కంగారు అవుతుంది. ఇక్కడ గమనించవలసింది, ఒక పని చేసి దాన్ని తానే రద్దు చేసుకోవడం. కోపంలో ఉన్నవాడు చేసినదాన్ని వెనక్కి తీసుకోడు, తొందరలో ఉన్నవాడికి వెనక్కొచ్చే తీరికే ఉండదు. ‘కప్పితే అనుమానం వస్తుందేమో అనుకున్నాడు’ అని రచయిత రాయనక్కరలేదు. ఆ ఆలోచనను పాఠకుడే పూరిస్తాడు, పూరించినప్పుడే శ్రీను పక్కకు చేరతాడు.

‘ఒంటరిగా రావడం ఇదే మొదటిసారి’ అన్న రెండో వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఉంచవచ్చునని పైన అన్నాను. ఉంచకపోయినా నష్టం లేని మార్గం ఒకటుంది: తండ్రిని ఎరిగిన హమాలీ ఎవరో ‘మీ నాన్నేడీ?’ అని అడగడం. ఆ ప్రశ్నలోనే తండ్రి ఎప్పుడూ వచ్చేవాడని, ఇవాళ రాలేదని తెలిసిపోతుంది. అంతకన్నా ముఖ్యం, శ్రీను చెప్పే జవాబు. మొదట ‘వస్తాడు’ అని అబద్ధమాడి, హమాలీ దాటిపోయాక నిజం చెబితే ఆ రెండు జవాబుల మధ్య ఉన్న ఎడంలో ఒంటరితనమూ జంకూ రెండూ ఉంటాయి.

మూడో వాక్యం ధర గురించిన ఆందోళన. దాన్ని అంకెల పనిగా మార్చాలి. పక్క వరుసలో ధర తెగినట్టు వినపడగానే శ్రీను తన సరుకుకు లెక్క కట్టుకుంటాడు. ఆ తరువాత మూడు టిక్కీలు తీసేసి మళ్ళీ కడతాడు. మొదటి లెక్క ఆశ, రెండోది భయం. ఆ పేర్లు రాయకుండానే రెండూ అర్థమవుతాయి. ధర ఎంతో పేరాలో చెప్పనక్కరలేదు కూడా. చెబితే పాఠకుడు ఆ అంకె వెంట పోయి, మూడు టిక్కీలను మరచిపోయే ప్రమాదముంది.

‘గుండె వేగంగా కొట్టుకుంది’ అన్న నాలుగో వాక్యానికి బదులు ఏమీ అక్కరలేదు, తీసేస్తే చాలు. గుమాస్తా వచ్చి టిక్కీ మూతి విప్పి కాయలు తీయడమే ఉద్వేగం. ప్రమాదం దగ్గరపడుతోందని పాఠకుడికి తెలిసినప్పుడు పాఠకుడి గుండే ఆ పని చూసుకుంటుంది. మార్చడమంటే ప్రతి వాక్యానికీ మరో వాక్యం వెతకడమని అనుకునేవారు ఈ చోటనే పేరాను బరువెక్కిస్తారు.

ఐదోది చూపు. ‘భయం భయంగా చూశాడు’ నుంచి ‘భయం భయంగా’ తీసేస్తే ‘చూశాడు’ మిగులుతుంది, అది బోసిగా ఉంటుంది. అప్పుడు చూపు ఎలా ఉందని కాక, ఎటు ఉందని అడగాలి. ఆ మూడు టిక్కీల వైపు చూస్తే పట్టుబడతాడు. గుమాస్తా చేతుల వైపు చూస్తే భయం బయటపడుతుంది. కాబట్టి రెంటికీ దూరంగా, తనకు ఏ సంబంధమూ లేని కాటా వైపు చూస్తాడు. తన సరుకును తూచబోయేముందు తనది కాని తూకాన్ని శ్రద్ధగా చూస్తున్న రైతు కొడుకులో ఏదో తేడా ఉందని పాఠకుడికి తప్పక తడుతుంది.

ఆఖరుది తడబాటు. దీన్ని నత్తిగా రాయడం, అంటే ‘అ... అదీ... మరీ...’ అంటూ చుక్కలు పెట్టడం మనకు బాగా అలవాటు. చుక్కలు ఎవరి నోట పెట్టినా ఒకేలా ఉంటాయి. తడబాటులో విషయం ఉండాలి. మనసంతా తడి మీద ఉన్నవాడిని ఊరి పేరు అడిగితే, అడగని ప్రశ్నకు జవాబు చెబుతాడు. మొత్తం పేరాలో అన్నిటికన్నా బలమైన వాక్యం ఇదే అవుతుందని ముందే ఊహించవచ్చు, అందుకే దాన్ని చివర పెట్టాలి. ఇప్పుడు పేరా ఇలా ఉంటుంది:

“కాయ విరక్కుండా నీళ్ళు చిలకరించమని నాన్న చెబితే, ఆఖరి మూడు టిక్కీల మీద శ్రీను చెయ్యి కాస్త ఎక్కువే పడింది. పురికొస అయిపోయి నీలం దారంతో కుట్టినవి ఆ మూడే. వాటి మీద తువ్వాలు పరిచాడు. నాలుగడుగులు వేసి, తిరిగొచ్చి, తీసి భుజాన వేసుకున్నాడు. ‘మీ నాన్నేడీ?’ అన్నాడు బస్తాల మధ్య నుంచి పోతున్న హమాలీ. ‘వస్తాడు’ అన్నాడు శ్రీను. అతను రెండు వరుసలు దాటిపోయాక, ‘ఒంట్లో బాగాలా, రాడు’ అని కేకేశాడు. పక్క వరుసలో ధర తెగింది. నలభై టిక్కీలకూ వేళ్ళ మీద లెక్క కట్టాడు. మూడు తీసేసి మళ్ళీ కట్టాడు. గుమాస్తా వచ్చి మొదటి టిక్కీ మూతి విప్పాడు. శ్రీను దూరంగా ఎవరిదో సరుకు తూస్తున్న కాటా వైపు చూస్తూ నిలబడ్డాడు. ‘ఏ ఊరబ్బాయ్?’ అన్నాడు గుమాస్తా, గుప్పెడు కాయలు పిడికిట్లో నొక్కుతూ. ‘బాగా ఎండినయ్యండీ’ అన్నాడు శ్రీను.”

ఈ పేరాలో కంగారు, భయం, ఆందోళన అన్న మాటలు లేవు; చెమట లేదు, వణుకు లేదు. వాక్యాల కర్తలను మళ్ళీ చూస్తే దాదాపు అంతటా శ్రీనే పనులు చేస్తున్నాడు: పరిచాడు, తీశాడు, కేకేశాడు, కట్టాడు, నిలబడ్డాడు, అన్నాడు. ఇందాకటి పరీక్ష పెడితే ఈ పేరాను పెళ్ళిచూపులకు తీసుకుపోవడం కుదరదు.

మొదటి వాక్యాన్ని మాత్రం విడిగా పరిశీలించాలి. నీళ్ళు ఎక్కువ పడ్డాయన్నది అచ్చంగా చెప్పిన వాక్యం. దాన్ని కూడా చూపించాలని కొందరికి అనిపిస్తుంది. అది తీసేసి తువ్వాలుతోనే పేరాను మొదలుపెట్టి చూడండి: నీలం దారపు టిక్కీల మీద ఎవడో తువ్వాలు పరిచి తీస్తున్నాడు. అవి దొంగ సరుకా, వాటిలో ఏదైనా దాచాడా, లేక ఉక్కపోతకు తువ్వాలు ఆరేసుకుంటున్నాడా? పనులన్నీ కనపడుతున్నా భావం కుదురుకోదు. పదకొండో శతాబ్దపు కాశ్మీర పండితుడు మమ్మటుడు కావ్యప్రకాశంలో రసదోషాలను చెబుతూ, భావాన్ని దాని పేరుతోనే చెప్పేయడాన్ని ఒక దోషంగా లెక్కించాడు. మన సలహాకు అది వెయ్యేళ్ళ కిందటి రూపమన్నమాట. అదే పట్టికలో, విభావమూ, భావం ఫలితంగా పైకి కనపడే అనుభావమూ పాఠకుడు కష్టపడి ఊహిస్తే గాని అందనంత దూరంగా ఉండటాన్ని కూడా ఆయన దోషమనే అన్నాడు. చూపించడం మీద మోజుపడ్డ రచయితలు రెండోదాన్ని తరచుగా మరచిపోతారు. కారణాన్ని సూటిగా చెప్పి, ఫలితాన్ని చూపించడం ఈ రెండు దోషాల మధ్య నుంచి పోయే దారి.

మమ్మటుడు ఇంకో అడుగు ముందుకు వేసి, కొన్ని సందర్భాల్లో సంచారి భావాన్ని, అంటే పైన చెప్పిన వ్యభిచారి భావాన్నే, పేరు పెట్టి చెప్పినా దోషం కాదన్నాడు. దానికి ఆయన చూపిన ఉదాహరణలో నాయిక ఔత్సుక్యం చేత త్వరపడుతుంది. త్వర అనే పని ఒక్కదాన్నే చూపిస్తే అది భయం వల్ల వచ్చిందా, ఉత్సాహం వల్లా అన్నది తేలదు. అందుకని అక్కడ ఆ పేరు ఉండాలి. మన పేరాకు దీన్ని అన్వయిస్తే, శ్రీను చేసే పనుల్లో ఏదైనా రెండు మూడు భావాలకు సమానంగా సరిపోతున్నప్పుడు, దానికి తోడుగా ఇంకో నాలుగు పనులు చేర్చడం కన్నా ఒక్క మాట చెప్పేయడం మేలు.

నాలుగు పనులు చేర్చడమన్నది మామూలు ప్రలోభం కాదు. చూపించడం పట్టుబడ్డాక రచయిత చేయి ఆగదు: శ్రీను గోళ్ళు కొరుకుతాడు, చొక్కా గుండీ తిప్పుతాడు, సెల్‌ఫోను తీసి టైము చూస్తాడు, కాలితో నేల రాస్తాడు. వీటిలో ఏదీ మూడు టిక్కీలకు సంబంధించినది కాదు. పాత్రకు దొరికిన వస్తువుతో సంబంధం లేని కదలికలన్నీ పైన చూసిన చెమట కోవలోకే వస్తాయి. పేరాను దిద్దేటప్పుడు ప్రతి పని పక్కనా ‘ఇది దేని గురించి?’ అని రాసుకుంటే, జవాబు రానివి తమంతట తామే బయటపడతాయి.

ఇంకో పొరపాటు తోకల రూపంలో వస్తుంది. ‘బాగా ఎండినయ్యండీ’ అన్నాడు శ్రీను, అని రాశాక రచయితకు పాఠకుడి మీద నమ్మకం చాలక, ‘అతని మాటల్లో కంగారు తొంగిచూసింది’ అని ఒక వాక్యం తగిలిస్తాడు. లేదా ‘అన్నాడు’ ముందు ‘తత్తరపడుతూ’ చేరుస్తాడు. తోక పెట్టగానే పాఠకుడు కనిపెట్టినది కాస్తా రచయిత చెప్పినదిగా మారిపోతుంది. రాసేటప్పుడు ఈ తోకలు రావడం సహజమే, అవి రచయిత తనకు తాను రాసుకునే గుర్తుల వంటివి. రెండో ప్రతిలో వాటిని కొట్టేస్తే చాలు. క్రియకు ముందు వచ్చే ‘-గా’, ‘-తూ’ రూపాలన్నిటినీ ఒకసారి వరసగా చూసుకుంటే వీటిలో చాలావరకు దొరుకుతాయి. అన్నీ తీసేయాలని కాదు. ‘గుప్పెడు కాయలు పిడికిట్లో నొక్కుతూ’ అన్నదీ అదే రూపమే, కాని అది చేతి పనిని చెబుతోంది.

కథను శ్రీనే ‘నేను’ అంటూ చెబుతుంటే ఇదంతా కొంత మారుతుంది. తన ముఖం పాలిపోయిందని తనకు కనపడదు కాబట్టి ఆ రకం వాక్యాలు ఎలాగూ కుదరవు. దానికి బదులు దాచిపెట్టడం కథనంలోకే వస్తుంది: “తువ్వాలు తడిగా ఉంటే కాసేపు ఆ టిక్కీల మీద ఆరేశాను. ఎండ బాగానే ఉంది.” గుమాస్తా నుంచి దాచినట్టే అతను పాఠకుడి నుంచి కూడా దాస్తాడు. ఎవరూ అడగని సంజాయిషీ ఇచ్చుకోవడమే అతని కంగారుకు గుర్తు అవుతుంది.

ఇక ఖర్చు సంగతి. మొదటి ప్రతిలో ఆరు పొట్టి వాక్యాలున్నాయి. మారిన పేరా దానికి రెండింతలకు పైగా పెరిగింది. వారపత్రిక కథకు ఉండే నిడివిలో ప్రతి భావానికీ ఇంత చోటు ఇవ్వడం సాధ్యం కాదు, ఇవ్వడం మంచిది కూడా కాదు. ఆంగ్ల విమర్శలో పెర్సీ లబక్ 1921లో చూపించడం వైపు గట్టిగా మొగ్గితే, నలభై ఏళ్ళ తరువాత 1961లో వేన్ బూత్ ఆ విభజనే మరీ సరళమైనదని, చెప్పడాన్ని అంత చులకన చేయడం తగదని వాదించాడు. ఆ వాదంలో ఎవరి పక్షం వహించినా, పేరా దగ్గర తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటే: ఈ కంగారు వల్ల కథలో ఏదైనా మారుతోందా? గుమాస్తా ముందు నిలబడ్డ క్షణంలో మారుతోంది. శ్రీను నోరు జారినందువల్లే గుమాస్తా నీలం దారపు టిక్కీల దాకా వెళ్ళవచ్చు. అందుకని అక్కడ చోటు ఖర్చు పెట్టాలి. సరుకు తెగి, చీటీ చేతికి వచ్చి, శ్రీను ఊరికి బయలుదేరిన తరువాత కథ ఇంటి దగ్గర తండ్రితో జరగబోయే మాటల వైపు సాగుతోంటే, మధ్యలో ‘సత్తెనపల్లి బస్సు ఎక్కేదాకా శ్రీనుకు కంగారు తగ్గలేదు’ అన్న ఒక్క వాక్యం చాలు. భావం పేరు అందులో ఉంది, కు-విభక్తీ ఉంది, అయినా ఆ చోట అది సరైన వాక్యమే.